చెరువు, కాలువ, కుళాయి: ఒకే గొట్టంలో మూడు నీళ్లు

వంశధారకు వరద వచ్చిన రోజుల్లో హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీ నుంచి కాలువలోకి దిగే నీరు ఎర్రటి ఒండ్రుతో ఉంటుంది. అదే వారంలో ఊరి చెరువు నీరు పచ్చగానూ, కుళాయి నీరు తేటగానూ కనిపిస్తాయి. ఏది మడ్డిగా ఉందో చెప్పడానికి పరికరం అక్కరలేదు, కన్ను చాలు. కాని ఎంత మడ్డిగా ఉందో, నిన్నటికంటే ఎక్కువో తక్కువో చెప్పాలంటే మాత్రం కంటికి ఒక కొలత కావాలి. శ్రీకాకుళం జిల్లాలోని ఏ ఉన్నత పాఠశాల విద్యార్థులైనా ఒక పూటలో తయారు చేసుకోగలిగిన మడ్డితనం గొట్టం, అంటే టర్బిడిటీ ట్యూబ్, ఆ కొలతను ఇస్తుంది.

దీని వెనకున్న ఆలోచన పాతదే. 1865లో ఇటలీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ మధ్యధరా సముద్రంలోకి తెల్లటి బిళ్ళలను దించి, అవి ఎంత లోతులో కనుమరుగవుతాయో కొలిచాడు. తరువాత ఆ బిళ్ళను నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలకు నలుపు, తెలుపు వేయడం వాడుకలోకి వచ్చింది. మన గొట్టంలో బిళ్ళ అడుగునే కదలకుండా ఉంటుంది, పైన నీటిమట్టం మారుతుంది. నీటిలో తేలే మట్టి రేణువులు కాంతిని అన్ని వైపులకూ చెదరగొడతాయి. అందువల్ల నీటి పొర మందమయ్యే కొద్దీ నలుపు తెలుపుల మధ్య తేడా తగ్గి, ఒకచోట పూర్తిగా చెరిగిపోతుంది. ఆ మట్టమే మనకు కావలసిన అంకె.

తయారీకి 40 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న పారదర్శకమైన అక్రిలిక్ గొట్టం 60 సెంటీమీటర్లకు కొద్దిగా ఎక్కువ పొడవున తీసుకోవాలి. ఈ కొలతే ఎందుకంటే, పొలాలకు వాడే 40 మి.మీ. పీవీసీ పైపు ఎండ్ క్యాప్ దానికి సరిపోతుంది. క్యాప్ అడుగు లోపల చదునుగా ఉండేది చూసుకోవాలి. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూత నుంచి క్యాప్‌లో పట్టేటంత గుండ్రటి బిళ్ళను కత్తిరించి, చెరగని నల్ల మార్కర్‌తో ఎదురెదురు రెండు భాగాలను నింపాలి. ఆ బిళ్ళను క్యాప్ అడుగున పెట్టి, గొట్టాన్ని దాని మీదికి గట్టిగా నొక్కి, చుట్టూ సిలికాన్ సీలెంట్ పూసి, ఒక రోజు ఆరనివ్వాలి.

కొలబద్ద అతికించడం చిన్న పనిగా కనిపిస్తుంది గాని, చాలా గొట్టాలు పాడయ్యేది అక్కడే. సున్నా అంటే బిళ్ళ పైతలం; క్యాప్ అడుగు కాదు, క్యాప్ అంచు అంతకంటే కాదు. ఇక్కడ గొట్టం చివర బిళ్ళ మీదే ఆనుతుంది కనుక గొట్టం చివరే సున్నా అవుతుంది, కాని ఆ చివర క్యాప్ లోపల దాగిపోతుంది. అందుకని అతికించే ముందే గొట్టం ఎంత మేర క్యాప్‌లోకి దిగుతుందో గీత గీసి కొలుచుకోవాలి. అది 3 సెంటీమీటర్లు అనుకుంటే, దర్జీ టేపును 3 దగ్గర కత్తిరించి, ఆ కొసను సరిగ్గా క్యాప్ అంచుకు చేర్చి పైకి అతికించాలి.

నీళ్లు పట్టేటప్పుడు కాలువలో దిగకూడదు. కర్రకు కట్టిన సీసాను గట్టు మీదనుంచే, అడుగు మట్టి కదలకుండా, ప్రవాహానికి ఎదురుగా ముంచాలి. చెరువులో పశువులు దిగే రేవు వదిలి దూరంగా పట్టాలి. కొలిచేది ఆరుబయట నీడలో, సూర్యుడికి వీపు పెట్టి. సీసాను నాలుగైదు సార్లు మెల్లగా తలకిందులు చేసి, నీటిని కొద్దికొద్దిగా పోస్తూ, గొట్టం మూతికి ఒక జానెడు పైనుంచి నిట్టనిలువుగా చూడాలి. ఈ గొట్టంలో ఒక సెంటీమీటరు మట్టం పెరగడానికి సుమారు 9 మిల్లీలీటర్లే చాలు కాబట్టి, బిళ్ళ మసకబారడం మొదలవగానే చెంచాతో పోయడం మేలు. బిళ్ళ మాయమైన మట్టాన్ని రాసుకుని, కాస్త నీరు తీస్తూ మళ్లీ కనిపించిన మట్టాన్ని కూడా రాసి, రెండింటి సగటు తీసుకోవాలి. కళ్ళలో తేడా ఉంటుంది కనుక ఇద్దరు విద్యార్థులు ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా చూడాలి.

ఇందులో తొందరపడాల్సిన చోటు ఒకటుంది. కాలువ ఒండ్రులోని ముతక రేణువులు సెకన్లలోనే అడుగుకు దిగి బిళ్ళ మీద పొరగా కూర్చుంటాయి. అప్పుడు బిళ్ళ మాయమైంది నీటి మడ్డి వల్ల కాదు, తన మీద పడిన మట్టి దుప్పటి వల్ల. నీటిని పారబోసి చూసినప్పుడు తెలుపు మీద గోధుమరంగు పొర కనిపిస్తే ఆ కొలత కొట్టేసి, గొట్టం కడిగి, మరొక నమూనాతో త్వరగా చెయ్యాలి. కుళాయి నీటిది దీనికి తలకిందులైన సమస్య: ఒత్తిడితో వచ్చే నీటిలో సన్నటి గాలి బుడగలు చేరి పాలలా కనిపిస్తాయి. బుడగలైతే ఒకటి రెండు నిమిషాల్లో కిందినుంచి పైకి తేటపడుతుంది. మట్టి అలా పైకి పోదు.

ఉదాహరణకు ఒక రోజు కాలువ నీటికి 9 సెంటీమీటర్లు, చెరువు నీటికి 21 సెంటీమీటర్లు వచ్చాయనీ, కుళాయి నీటితో గొట్టం నిండినా బిళ్ళ కనిపిస్తూనే ఉందనీ అనుకుందాం. ఇలాంటి గొట్టాల లోతును మడ్డితనం కొలమానమైన ఎన్‌టీయూలోకి మార్చే పట్టికల ప్రకారం 9 సెం.మీ. అంటే సుమారు 150 ఎన్‌టీయూ, 21 సెం.మీ. అంటే సుమారు 40. లోతులో తేడా రెండు రెట్లకు కొంచెం పైన, మడ్డితనంలో తేడా దాదాపు నాలుగు రెట్లు. కనుక సెంటీమీటర్లను నేరుగా భాగించి "కాలువ రెండింతలు మడ్డి" అని రాయడం తప్పు. చెరువు అంకె విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి: అక్కడ చూపును ఆపేది మట్టి కంటే పాచి, నీటి రంగు కావచ్చు. దట్టమైన వడపోత కాగితంలో వంచినా కిందికి దిగిన నీటిలో రంగు మిగిలి ఉంటే, అది నీటిలో కరిగిన రంగు. గొట్టం దాన్నీ మడ్డిగానే లెక్కవేస్తుంది.

కుళాయి గడిలో "0" అని రాయకూడదు, "60 సెం.మీ. కంటే ఎక్కువ" అని రాయాలి. ఈ పొడవు గొట్టం సుమారు 10 ఎన్‌టీయూ కంటే తక్కువ మడ్డిని వేరు చేయలేదు. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆమోదయోగ్యమైన హద్దు 1 ఎన్‌టీయూ, వేరే నీటి వనరు లేనప్పుడు 5. అంటే తాగునీటికి పెట్టిన రెండు హద్దులూ మన గొట్టం చూడగలిగిన మేరకు అవతలే ఉన్నాయి. ఆ నీరు తాగదగినదో కాదో ఈ గొట్టం చెప్పదు. సూక్ష్మజీవులను అసలే చూపదు.

రెండో చివర కూడా ఒక ఇబ్బంది ఉంది. వరద నీటిలో బిళ్ళ 5 సెంటీమీటర్లలోపే మాయమైతే ఆ అంకె నమ్మదగింది కాదు. అప్పుడు ఒక పాలు కాలువ నీటికి ఒక పాలు తేట కుళాయి నీరు కలిపి కొలిచి, వచ్చిన ఎన్‌టీయూను రెండుతో గుణించాలి. ఈ పలుచన చేసే పనినే విద్యార్థులు పట్టికను పరీక్షించడానికి కూడా వాడుకోవచ్చు. 9 సెం.మీ. చూపిన కాలువ నీటిని సగానికి పలుచన చేస్తే అంకె 18 వస్తుందని చాలామంది ఊహిస్తారు. పట్టిక ప్రకారం అది 14, 15 దగ్గరే ఆగాలి. అదే నీటిని పావు వంతుకు, ఎనిమిదో వంతుకు పలుచన చేస్తూ పోయి, అడ్డగీతపై మడ్డి నీటి వంతును, నిలువుగీతపై లోతును గుర్తిస్తే, గ్రాఫు కాగితం మీద సరళరేఖ రాదు, మొదట నిటారుగా దిగి క్రమంగా వాలు తగ్గే వక్రరేఖ వస్తుంది. ఆ రేఖే ఆ బడి గొట్టానికి, ఆ ఊరి మట్టికి సొంత పట్టిక.