మీల్ మేకర్ కడుపు నిండా మంచినీళ్ళే

పోయిన వారం మా మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, మీల్ మేకర్ కూర చేశాను, గ్రేవీ బ్రహ్మాండంగా కుదిరింది, ముక్క నోట్లో పెట్టుకుంటే మాత్రం గిన్నెలు తోమే స్పాంజి నమిలినట్టుంది, ఉప్పు లేదు, కారం లేదు, పైగా అదోరకం పచ్చివాసన. ఇంకో రెండు చెంచాల మసాలా వెయ్యాల్సిందా?"

అక్కర్లేదమ్మా, నువ్వు పోపు వెయ్యకముందే ఆ ముక్క కడుపు నిండా మంచినీళ్ళు తాగేసి కూర్చుంది, ఇక నీ గ్రేవీకి చోటెక్కడుంది అన్నాను. ఫోన్‌లో అంతకన్నా చెప్పలేక ఇది రాస్తున్నాను.

సోయా గింజల్లోంచి నూనె తీసేశాక మిగిలే పిండిలో సగం దాకా ప్రొటీనే ఉంటుంది. మీల్ మేకర్ చెయ్యడానికి దానికి కాస్త నీళ్ళు కలిపి, జంతికల గొట్టంలాంటి పెద్ద యంత్రంలో విపరీతమైన వేడి, ఒత్తిడి మధ్య నెడతారు. లోపల ఒత్తిడి వల్ల నీళ్ళు మరగకుండా ఆగి ఉంటాయి. చిల్లులోంచి బయటికి రాగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, నీళ్ళు ఆవిరై పేలతాయి, ముద్ద బుస్సున పొంగి ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. ఆవిరి తప్పించుకున్న దారులే ఆ సందులూ గదులూ. ఎండు ముక్కను విరిచి చూస్తే కంటికే కనిపిస్తాయి. పైన మాత్రం కాస్త దట్టమైన పొర ఉంటుంది, దాని సంగతి తర్వాత.

ఈ సందులు ఎండుగా ఉన్నప్పుడు ఏ నీళ్ళు తగిలితే ఆ నీళ్ళనే లాక్కుంటాయి. సుద్దముక్క కొనను సిరాలో ముంచితే సిరా పైకి పాకుతుంది చూడండి, అదే కేశనాళికా చర్య. బడిలో ఈ మాటను నేను ఎన్నేళ్ళు గాజుగొట్టం బొమ్మ వేసి చెప్పానో లెక్కలేదు, ఒక్కసారైనా మీల్ మేకర్ ముక్క పట్టుకెళ్ళి ఉంటే పిల్లలకి జన్మలో మర్చిపోలేని పాఠమయ్యేది. హైదరాబాద్ డబుల్ కా మీఠా గుర్తు తెచ్చుకోండి. బ్రెడ్డును ఎర్రగా వేయించి, తడంతా పోగొట్టి, అప్పుడు పాకంలో వేస్తారు. అదే బ్రెడ్డును ముందు మంచినీళ్ళలో నానబెట్టి తర్వాత పాకంలో వేస్తామా? మీల్ మేకర్‌కి మనం సరిగ్గా ఆ పనే చేస్తున్నాం.

నిండిన ముక్కలోకి ఉప్పు అస్సలు వెళ్ళదా అంటే వెళ్తుంది, కానీ లాగుడు ఉండదు కాబట్టి పాక్కుంటూ వెళ్ళాలి. కదలని మామూలు నీళ్ళలో ఉప్పు అర సెంటీమీటరు పాకడానికి రెండు గంటల పైమాటే. దూరం రెట్టింపైతే టైమ్ నాలుగింతలవుతుంది. వేడిలో కాస్త త్వరపడుతుంది, ఆ వంకర సందుల్లో మళ్ళీ ఆలస్యమవుతుంది. మన కూర స్టవ్ మీద ఉండేది మహా అయితే ఇరవై నిమిషాలు. అదే ముక్కను పిండి వదిలితే, వదిలిన స్పాంజి లాగినట్టు క్షణాల్లో లాగేస్తుంది. పాకడానికీ లాగడానికీ ఉన్న ఈ తేడా పట్టుకుంటే చాలు, మిగతాదంతా లెక్కే.

ఆ లెక్కా చూద్దాం. 50 గ్రాముల ఎండు ముక్కలు ఉడికి, నీళ్ళు తాగి దాదాపు 150 గ్రాములయ్యాయి అనుకుందాం, అంటే లోపల 100 గ్రాముల చప్పటి నీళ్ళు. గ్రేవీలో నూటికి ఒకటిన్నర వంతు ఉప్పుంది. పిండకుండా వేస్తే మొదట్లో లోపల ఉప్పు సున్నా. గట్టిగా పిండి సగం నీళ్ళు తీసేసి వేస్తే, ఆ 50 గ్రాముల ఖాళీలోకి గ్రేవీ దూరుతుంది, లోపలి ఉప్పు వెంటనే నూటికి ముప్పావు వంతు. ఇప్పుడు గ్రేవీలో వేసే ముందే ఇంకో మెట్టు కలపండి: పిండిన ముక్కల్ని, నూటికి ఒకటిన్నర వంతే ఉప్పున్న వేడి చింతపండు నీళ్ళలో పది నిమిషాలు ఉంచి మళ్ళీ పిండండి. అప్పుడు గ్రేవీలో పడేసరికి లోపల ఉప్పు నూటికి ఒకటి దాటి ఉంటుంది, నాలుకకి చప్పగా అనిపించదు. కప్పు నీళ్ళకి అర చెంచా పైన ఉప్పు, నిమ్మకాయంత కాదు, ఉసిరికాయంత చింతపండు. ఇంతే ఖర్చు.

అలాంటప్పుడు ఎండు ముక్కల్నే నేరుగా చింతపండు నీళ్ళలో వేస్తే పోదా అని తెలివైనవాళ్ళు అడుగుతారు. పోదు, పచ్చివాసన అడ్డం. గింజ నలిగినప్పుడు అందులోని ఒక ఎంజైమ్ సోయా నూనెను విరగ్గొట్టి హెక్సనాల్ అనే పదార్థం పుట్టిస్తుంది. కోసిన గడ్డి వాసనలో ఉండేదీ ఇదే. నూనె తీసినా మిగిలిపోయే కాస్త నూనె నిల్వలో ముక్కిపోతూ దీన్ని పెంచుతుంది, అందుకే పాత ప్యాకెట్టు ఎక్కువ కంపు కొడుతుంది. ఈ వాసన ప్రొటీన్‌కి అంటుకుని ఉంటుంది, వేడినీళ్ళలో వదులుతుంది, ఆవిరితో పాటు పోతుంది. కాబట్టి ముక్కలు బాగా మునిగేటన్ని నీళ్ళు మరిగించి, మూత పెట్టకుండా ఆరేడు నిమిషాలు ఉడికించి, నురగ తేలిన ఆ పసుపుపచ్చ నీళ్ళు పారబోయాలి. చన్నీళ్ళలో వేసి పిండడం రెండుసార్లు. కడుపులో గ్యాస్ పుట్టించే చక్కెరలు కొన్ని కూడా ఆ నీళ్ళతోనే పోతాయి. కుక్కర్లో నాలుగు విజిల్స్ పెడితే వాసన లోపలే ఉంటుంది, ముక్క మాత్రం పేస్టవుతుంది.

(మగవాళ్ళు సోయా తింటే ఆడ హార్మోన్లు పెరుగుతాయట కదా అని మా వీధిలో ఒకాయన ఏటా అడుగుతాడు. మగవాళ్ళ మీద చేసిన పరీక్షలన్నీ కలిపి చూసినా టెస్టోస్టెరాన్ మీద గానీ ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ మీద గానీ ప్రభావం కనబడలేదు బాబాయ్ అంటే నమ్మడు.)

ఇక ఆ పైపొర. అది వడకట్టుగుడ్డలా పనిచేస్తుంది. ఉప్పు, పులుపు, తీపి నీళ్ళలో కరిగి లోపలికి వెళ్తాయి కానీ ధనియాల పొడి, గసగసాల ముద్ద చాలావరకు బయటే ఆగిపోతాయి. కారంలో మండించే పదార్థమూ మసాలా సువాసనలూ నూనెలో కరిగేవి, నీళ్ళతో తడిసిన సందుల్లోకి నూనె చొరబడదు. అంటే ఎంత మసాలా వేసినా లోపలికి పోయేది తక్కువే. అందుకే ఉడికాక ముక్కను రెండుగా కోస్తాను, పొర తెగుతుంది, మసాలా పట్టే చోటు పెరుగుతుంది. చింతపండు నీళ్ళలోంచి తీసి పిండాక రెండు చెంచాల నూనెలో మధ్యస్థం మంట మీద ఏడెనిమిది నిమిషాలు, అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. తడి ఉన్నంతసేపూ వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఎరుపు రాదు. చిటపటలు తగ్గాక రంగు మొదలవుతుంది. వెళ్ళిపోయిన నీళ్ళ స్థానం ఖాళీ, లోపలున్నది ఆవిరి. ఆ వేడి ముక్క గ్రేవీలో పడగానే ఆవిరి చల్లబడి నీరవుతుంది, గ్రేవీని లోపలికి లాగుతుంది. స్పాంజి నమిలినట్టుండటానికి కారణం కూడా ఆ మిగిలిన చప్పటి నీళ్ళే, కొరకగానే నోట్లోకి చిమ్మేవి.

టోఫు కూడా ఇలాగే పిండొచ్చా అంటే కుదరదు. అది గడ్డకట్టిన సోయాపాలు, దాని సందులు మరీ సన్నం, పిండితే చిదిగిపోతుంది, తిరిగి ఉబ్బదు. బట్టలో చుట్టి పైన బరువు పెట్టి నీళ్ళు కారనిచ్చి, పలచగా కొయ్యడమే దారి, ముక్క మందం సగం చేస్తే ఉప్పు పాకే టైమ్ నాలుగో వంతవుతుంది. లేదంటే ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. మంచు స్ఫటికాలు పెరుగుతూ ప్రొటీన్‌ను పక్కకి నెట్టి గోడలు కడతాయి, కరిగాక ఆ చోట్లన్నీ ఖాళీ గదులు. జపాన్‌లో కోయా దోఫు అని ఇలా గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫునే అమ్ముతారు. కరిగిన ముక్కను అరచేతుల మధ్య మెల్లగా నొక్కితే నీళ్ళు కారి, వదిలితే మళ్ళీ ఉబ్బుతుంది. అక్కడి నుంచి దాన్నీ మీల్ మేకర్ లాగే చింతపండు నీళ్ళలో వెయ్యొచ్చు.