అపోహలు – వాస్తవాలు: స్టీరియోస్పెసిఫిక్, స్టీరియోసెలెక్టివ్ చర్యలు

అపోహ: ఒకే స్టీరియోఐసోమర్ ఏర్పడితే ఆ చర్య స్టీరియోస్పెసిఫిక్.

వాస్తవం: జవాబు పత్రాలలో నాకు తరచుగా కనిపించే వాక్యం ఇది. ద్రవ అమోనియాలో సోడియంతో 2-బ్యూటైన్‌ను క్షయకరణం చేస్తే దాదాపు ట్రాన్స్-2-బ్యూటీన్ మాత్రమే వస్తుంది, అయినా ఆ చర్య స్టీరియోసెలెక్టివ్ మాత్రమే, అంటే ఏర్పడగల స్టీరియోఐసోమర్లలో ఒకదాన్ని ఎక్కువగా ఇచ్చేది మాత్రమే. 2-బ్యూటైన్‌కు స్టీరియోఐసోమర్లే లేవు గనుక పక్కన పెట్టి పోల్చడానికి మరో క్రియాజనకం దొరకదు. క్రియాజనకపు ఒక స్టీరియోఐసోమర్ ఒక క్రియాజన్యాన్ని, మరో స్టీరియోఐసోమర్ దానికి భిన్నమైన క్రియాజన్యాన్ని ఇచ్చినప్పుడే స్టీరియోస్పెసిఫిక్ అనాలి.

2-బ్యూటీన్‌కు బ్రోమిన్ సంకలనం ఇందుకు చక్కని ఉదాహరణ. బ్రోమిన్ ద్విబంధానికి ఒక వైపు నుంచి చేరి, రెండు కార్బన్లను కలుపుతూ బ్రోమోనియం అనే మూడు పరమాణువుల వలయాన్ని ఏర్పరుస్తుంది. వలయం ఉన్నంతసేపు ఆ కార్బన్ల మధ్య భ్రమణం వీలుకాదు, బ్రోమైడ్ అయాన్ ఎదుటి వైపు నుంచే దాడి చేయాలి. ఫలితంగా ట్రాన్స్-2-బ్యూటీన్ నుంచి మీసో-2,3-డైబ్రోమోబ్యూటేన్ వస్తుంది. సిస్-2-బ్యూటీన్‌లో బ్రోమైడ్ రెండు కార్బన్లలో దేనిపైనైనా సమాన అవకాశంతో దాడి చేస్తుంది గనుక (2R,3R), (2S,3S) రూపాల రేసిమిక్ మిశ్రమం వస్తుంది. ఇక్కడ రెండు రూపాలు ఏర్పడినా చర్య స్టీరియోస్పెసిఫిక్‌గానే ఉంటుంది, ఎందుకంటే సిస్ ఇచ్చినది ట్రాన్స్ ఇవ్వలేదు.

అపోహ: స్టీరియోసెలెక్టివ్ చర్య నూటికి నూరు శాతానికి చేరితే స్టీరియోస్పెసిఫిక్ అవుతుంది.

వాస్తవం: ఈ తేడా శాతాలది కాదు, చర్యా విధానానిది. స్టీరియోస్పెసిఫిక్ చర్యలన్నీ స్టీరియోసెలెక్టివే అయినా, ఆ మాటను తిరగేస్తే నిలవదు.

2-బ్రోమోబ్యూటేన్‌ను సోడియం ఇథాక్సైడ్‌తో విలోపనం చేస్తే ఏర్పడే 2-బ్యూటీన్‌లో ట్రాన్స్, సిస్ రూపాలు సుమారు 3:1 నిష్పత్తిలో ఉంటాయి. మూడో కార్బన్‌పై రెండు హైడ్రోజన్లు ఉన్నందున ఏదైనా బ్రోమిన్‌కు యాంటీ స్థానంలోకి రాగలదు, మిథైల్ సమూహాలు దూరంగా ఉండే అమరిక ద్వారా సాగే మార్గానికి శక్తి తక్కువ చాలు. R రూపంతో మొదలుపెట్టినా, S రూపంతో మొదలుపెట్టినా మిశ్రమం ఒక్కటే. కాబట్టి ఇది స్టీరియోసెలెక్టివ్ మాత్రమే.

ఇప్పుడు మీసో-2,3-డైబ్రోమోబ్యూటేన్ నుంచి క్షారంతో ఒక HBr తొలగించి 2-బ్రోమో-2-బ్యూటీన్ చేద్దాం. రెండో కార్బన్‌పై బ్రోమిన్ పోవాలంటే మూడో కార్బన్‌పై ఉన్న ఒకే ఒక్క హైడ్రోజన్ దానికి యాంటీగా రావాలి. అలా తిప్పి, బంధం వెంట చూస్తూ న్యూమన్ చిత్రం గీస్తే రెండు మిథైల్ సమూహాలు ఒకే పక్కకు వస్తాయి, అంటే (E)-2-బ్రోమో-2-బ్యూటీన్ ఏర్పడుతుంది. రేసిమిక్ రూపం ఇదే నియమంతో Z ఐసోమర్‌ను ఇస్తుంది. ట్రాన్స్ ఆల్కీన్‌తో మొదలుపెట్టి మీసో రూపం మీదుగా వచ్చినా చివరికి మిథైల్ సమూహాలు ఒకే పక్కకు చేరాయన్నది గమనించాలి. ట్రాన్స్ నుంచి ట్రాన్సే వస్తుందని గుడ్డిగా రాసేవారు ఇక్కడే తప్పుతారు, నా దృష్టిలో దీనికి చిత్రం గీయడాన్ని మించిన మందు లేదు.

ఇదే విలోపనం E1 మార్గంలో జరిగితే కార్బోకాటయాన్ మధ్యలో ఏర్పడి, విడిపోయిన సమూహం ఎటు ఉండేదన్న సమాచారాన్ని చెరిపేస్తుంది. స్థిరమైన ఆల్కీన్ వైపు మొగ్గు మిగిలినా, స్టీరియోస్పెసిఫిసిటీ మిగలదు.

అపోహ: ఆల్కీన్‌కు బ్రోమిన్ సంకలనం ఎప్పుడూ స్టీరియోస్పెసిఫికే.

వాస్తవం: ద్విబంధపు కార్బన్‌పై ఫినైల్ సమూహం ఉంటే ధనావేశాన్ని అది స్థిరపరుస్తుంది, బ్రోమోనియం వలయం తెరుచుకునేందుకు వీలు కలుగుతుంది, తెరుచుకుంటే భ్రమణం మొదలవుతుంది. స్టిల్బీన్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ట్రాన్స్-స్టిల్బీన్ ప్రధానంగా మీసో డైబ్రోమైడ్‌నే ఇస్తుంది. సిస్-స్టిల్బీన్ నుంచి రేసిమిక్ రూపం రావాలి, కానీ ధ్రువ ద్రావణుల్లో అందులోనూ మీసో వాటా పెరుగుతుంది. రెండు ఐసోమర్ల ఫలితాలు దగ్గరపడే కొద్దీ స్టీరియోస్పెసిఫిసిటీ సడలుతుంది, మీసో వైపు మొగ్గు మాత్రం నిలిచే ఉంటుంది.

దీన్ని ప్రయోగశాలలో గుర్తించడం తేలికే. మీసో రూపం దాదాపు 237 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, రేసిమిక్ రూపం 110 డిగ్రీలు దాటిన కొద్దిసేపటికే కరిగిపోతుంది. అయితే మిశ్రమ నిష్పత్తికి ద్రవీభవన స్థానం చాలదు, శుద్ధి చేయని నమూనా ప్రోటాన్ ఎన్ఎంఆర్ తీయాలి. స్ఫటికీకరణ తర్వాత కొలిస్తే తక్కువగా ఉన్న ఐసోమర్ ద్రావణంలోనే మిగిలిపోయి, చర్య ఉన్నదానికన్నా శుభ్రంగా కనిపిస్తుంది. సగంలో ఆపిన చర్య నుంచి మిగిలిన ఆల్కీన్‌ను కూడా పరీక్షించాలి: సిస్-స్టిల్బీన్ ముందే ట్రాన్స్‌గా మారిపోయి ఉంటే, మీసో రూపం అధికంగా రావడానికి వలయం తెరుచుకోవడం కారణం కాకపోవచ్చు.