డిఫర్డ్ టాక్స్ ఎంట్రీ: బ్యాలెన్స్ వేయాలా, తేడా వేయాలా?

అపోహ: మార్చి 31న లెక్కకట్టిన డిఫర్డ్ టాక్స్ మొత్తానికీ ఎంట్రీ వేసేయాలి.

వాస్తవం: డిఫర్డ్ టాక్స్ అంటే పుస్తకాల లెక్కకూ టాక్స్ లెక్కకూ మధ్య ఉన్న తాత్కాలిక తేడాలపై ముందు ముందు పడే పన్ను. వేయాల్సింది నిరుటి బ్యాలెన్స్‌కీ ఈ ఏటి బ్యాలెన్స్‌కీ మధ్య తేడా మాత్రమే. సీఏ ఆర్టికల్స్ చేసే రోజుల్లో నేనూ మొత్తమే వేసి, సీనియర్ చేత చీవాట్లు తిన్నాను.

ఒక ప్రైవేట్ కంపెనీని తీసుకుందాం. 1961 ఇన్‌కమ్ టాక్స్ చట్టంలో కంపెనీలకు తక్కువ రేటు ఇచ్చే సెక్షన్ 115BAA ఎంచుకుంది కాబట్టి సర్‌చార్జి, సెస్ కలిపి పన్ను 25.168 శాతం. పన్నుకు ముందు లాభం 50 లక్షలు. పుస్తకాల్లో తరుగుదల 6 లక్షలు, ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో 10 లక్షలు. గ్రాట్యుటీకి 2 లక్షలు ప్రావిజన్ పెట్టారు, చెల్లించలేదు కాబట్టి ఈ ఏడు మినహాయింపు రాదు. అంటే పన్ను పడే ఆదాయం 50 + 6 − 10 + 2, మొత్తం 48 లక్షలు. దానిపై కరెంట్ టాక్స్ 12,08,064.

ఇక డిఫర్డ్ టాక్స్. ఆస్తుల విలువ పుస్తకాల్లో 34 లక్షలు, టాక్స్ లెక్కలో 24 లక్షలు. ఆ 10 లక్షల తేడాలోంచి ఇంతవరకూ పేరుకున్న, చెల్లించినప్పుడు మినహాయింపు వచ్చే గ్రాట్యుటీ 5 లక్షలు తీసేస్తే మిగిలేది 5 లక్షలు, దానిపై లయబిలిటీ 1,25,840. నిరుడు ఇదే లెక్కలో నికర తేడా 3 లక్షలు, లయబిలిటీ 75,504. కాబట్టి ఈ ఏడు వేయాల్సింది 50,336 మాత్రమే.

```
కరెంట్ టాక్స్ ఖర్చు      డెబిట్    12,08,064
   టాక్స్ ప్రావిజన్        క్రెడిట్   12,08,064

డిఫర్డ్ టాక్స్ ఖర్చు      డెబిట్      50,336
   డిఫర్డ్ టాక్స్ లయబిలిటీ  క్రెడిట్     50,336
```

సరిపోయిందో లేదో చూడటం తేలికే. రెండు ఖర్చులూ కలిపితే 12,58,400. అది 50 లక్షల్లో సరిగ్గా 25.168 శాతం. పొరపాటున 1,25,840 వేస్తే రేటు 26.68కి ఎగబాకుతుంది, లయబిలిటీ ఖాతాలో నిరుటి 75,504 కూడా కలిసి 2,01,344 కనిపిస్తుంది. అయితే సీఎస్ఆర్ ఖర్చు, జరిమానాల్లాంటివి ఎప్పటికీ మినహాయింపు రానివి. అవి ఉన్నా, పన్ను రేటు మారినా ఈ లెక్క పక్కకు జరుగుతుంది. అప్పుడు ఆ తేడాకు కారణం విడిగా రాసి చూపాలి.

అపోహ: అడ్వాన్స్ టాక్స్ కట్టిన రోజే ఖర్చులో వేసేయొచ్చు.

వాస్తవం: అది ఆస్తి ఖాతా. టీడీఎస్ కూడా అంతే. ఈ కంపెనీ 9,50,000 అడ్వాన్స్ కట్టింది, 2,00,000 టీడీఎస్ కోతపడింది. ప్రావిజన్‌లోంచి అవి పోగా బ్యాలెన్స్ షీటులో చూపాల్సిన బాకీ 58,064. ఖర్చులో కూడా వేసుంటే అదే పన్నును రెండుసార్లు రాసినట్టు.

అపోహ: డిఫర్డ్ టాక్స్ లయబిలిటీ అంటే ప్రభుత్వానికి చలాన్ కట్టాల్సిన డబ్బు.

వాస్తవం: దానికి చలాన్ ఉండదు, గడువు తేదీ కూడా ఉండదు. ఆ ఆస్తులపై ముందు ముందు టాక్స్ తరుగుదల పుస్తకాల తరుగుదల కంటే తగ్గినప్పుడు, కరెంట్ టాక్స్ పెరిగే రూపంలో అది కరుగుతుంది. ఆ ఏడు ఎంట్రీ తిరగబడుతుంది: లయబిలిటీకి డెబిట్, డిఫర్డ్ టాక్స్ ఖర్చుకు క్రెడిట్.