మడమ రక్త పరీక్షలో ‘బోర్డర్‌లైన్’: రెండో శాంపిల్ గురించిన అపోహలు, వాస్తవాలు

శిశువు పుట్టిన రెండు మూడు రోజులకు మడమ పక్క భాగంలో చిన్నగా గుచ్చి, కొన్ని రక్తపు చుక్కలను ఫిల్టర్ పేపరు కార్డు మీదికి తీసుకుని, ఆరబెట్టి ల్యాబుకు పంపుతారు. ఆ చుక్కల్లో వెతికే జబ్బుల్లో పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం ముఖ్యమైనది. పిల్లల వైద్యుడిగా నా దగ్గరకు ‘బోర్డర్‌లైన్, మళ్లీ శాంపిల్ పంపండి’ అన్న రిపోర్టుతో వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఆందోళన ఈ పరీక్ష గురించే కాబట్టి, ఇక్కడ దీనికే పరిమితమవుతాను.

అపోహ: బోర్డర్‌లైన్ అంటే జబ్బు ఉంది, కాకపోతే కొద్దిగా ఉంది.

వాస్తవం: ఆ అంకె జబ్బు తీవ్రతను చెప్పదు. అదెందుకో తెలియాలంటే పుట్టిన మొదటి గంటల్లో శిశువు ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలి. తల్లి గర్భంలోని వెచ్చదనం నుంచి బయటి చలిలోకి వచ్చిన వెంటనే శిశువు మెదడులోని పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ను పని చేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోనును ఒక్కసారిగా విడుదల చేస్తుంది. సుమారు అరగంటకు అది లీటరుకు 60 నుంచి 80 మిల్లీ యూనిట్ల దాకా చేరుతుంది. పెద్దవారిలో అంత ఉంటే థైరాయిడ్ బాగా దెబ్బతిన్నట్టే, శిశువులో మాత్రం అది సహజం. మొదటి రోజంతా వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా అది దిగివస్తుంది. శాంపిల్‌ను 48 నుంచి 72 గంటల మధ్య తీయమనడానికి ప్రధాన కారణం ఇదే.

థైరాయిడ్ గ్రంథి సరిగా పని చేయని శిశువులోనూ టీఎస్‌హెచ్ ఎక్కువగానే ఉంటుంది, కానీ అది దిగదు. అంటే ఒక మధ్యస్థమైన అంకె కనిపించినప్పుడు, దిగుతూ ఉన్న మెట్టు మీద అది మనకు దొరికిందా, లేక అక్కడే ఆగిపోయిందా, ఇంకా పైకి పోతోందా అన్నది ఒక్క శాంపిల్‌తో తేలదు. కాలంలో రెండో బిందువు కావాలి. రెండో శాంపిల్ అడిగేది అందుకే.

ఒక ల్యాబు 20ని హద్దుగా పెట్టుకుని, 20కీ 40కీ మధ్య వచ్చినవాటిని బోర్డర్‌లైన్‌గా చూస్తుందని అనుకుందాం. ఇద్దరు శిశువులకూ 24 వచ్చింది. మొదటి శిశువు నెలలు నిండి పుట్టింది. తల్లీబిడ్డలను త్వరగా ఇంటికి పంపవలసి రావడంతో 28వ గంటకే రక్తం తీశారు. ఏడో రోజున తీసిన రెండో శాంపిల్‌లో టీఎస్‌హెచ్ 5కి దిగింది. అక్కడితో ఆ విషయం ముగిసింది. రెండో శిశువు కూడా నెలలు నిండినదే, కానీ కార్డు మీద రక్తం నాలుగో రోజున పడింది. ఆ వయసుకు దిగిపోవలసిన అంకె 24 దగ్గర ఉండడం నన్ను మొదటి శిశువు విషయంలో కంటే ఎక్కువ కలవరపెడుతుంది. తొమ్మిదో రోజున నరం నుంచి తీసిన రక్తంలో టీఎస్‌హెచ్ 46 ఉంది, థైరాయిడ్ తయారుచేసే హార్మోను ఫ్రీ టీ4 ఆ వయసుకు ఉండవలసిన దానికంటే తక్కువగా ఉంది. ఆ రోజే మందు మొదలుపెట్టాలి. రెండు రిపోర్టుల్లోనూ అంకె ఒకటే అయినా అర్థాలు వేరు. అందువల్ల రిపోర్టు చూడగానే నేను అడిగే మొదటి ప్రశ్న అంకె ఎంత అని కాదు, రక్తం ఎన్నో గంటకు తీశారని.

అపోహ: ల్యాబులో పొరపాటు జరిగింది, అందుకే మళ్లీ అడుగుతున్నారు.

వాస్తవం: అంకె హద్దు దాటినప్పుడు సాధారణంగా ల్యాబువారు అదే కార్డు నుంచి ఇంకో రెండు చిన్న ముక్కలు తీసి పరీక్షను తిరిగి చేస్తారు. అప్పటికీ అలాగే వస్తేనే కబురు పంపుతారు. పైగా హద్దును కావాలనే కాస్త కిందికి పెడతారు. జబ్బున్న శిశువు ఒక్కరు జారిపోవడం కంటే ఆరోగ్యంగా ఉన్న కొందరిని మరోసారి పిలవడమే మేలన్న నిర్ణయం అందులో ఉంది, ఆ నిర్ణయం సరైనదని నా నమ్మకం.

కార్డు పనికిరాక మళ్లీ అడిగే సందర్భాలు వేరే ఉన్నాయి. చుక్క మీద చుక్క వేయడం, మడమను గట్టిగా పిండడం వల్ల కణజాల ద్రవం కలిసి రక్తం పలచబడడం, పూర్తిగా ఆరకముందే కవరులో పెట్టడం వంటివి జరిగితే రిపోర్టులో ‘శాంపిల్ తగినది కాదు’ అని రాస్తారు. అది బోర్డర్‌లైన్ కాదు. మీ రిపోర్టులో ఉన్నది ఈ రెండింటిలో ఏ మాటో ముందుగా చూసుకోండి.

అపోహ: బిడ్డ చక్కగా పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది, కాబట్టి తొందరేమీ లేదు.

వాస్తవం: నాకు ఎక్కువ భయం కలిగించే అపోహ ఇదే. గర్భంలో ఉండగా తల్లి థైరాయిడ్ హార్మోను కొంత మాయ ద్వారా శిశువుకు చేరుతుంది. చాలామంది శిశువుల్లో కొద్దోగొప్పో పని చేసే గ్రంథి కూడా ఉంటుంది. కనుక జబ్బున్న శిశువుల్లో ఎక్కువమంది మొదటి రోజుల్లో మామూలుగానే కనిపిస్తారు. తగ్గని పచ్చకామెర్లు, మలబద్ధకం, బొంగురు ఏడుపు, అతినిద్ర, పొడుచుకొచ్చిన బొడ్డు కనబడేసరికి వారాలు గడిచిపోతాయి, ఈలోగా ఎదిగే మెదడుకు అందవలసిన హార్మోను అందదు. జబ్బు ఉంటే రెండు వారాల వయసులోపే మందు మొదలుకావాలన్నది లక్ష్యం. అందుకే శాంపిల్ అడిగిన రోజు లేదా ఆ మర్నాడే ఇవ్వాలి, వచ్చే టీకా రోజుదాకా ఆగకూడదు.

40 దాటిన అంకె వస్తే రెండో కార్డు కోసం ఎదురుచూడరు. నేరుగా నరం నుంచి రక్తం తీసి, ఫలితం వచ్చేలోగానే థైరాక్సిన్ మొదలుపెడతారు.

అపోహ: బోర్డర్‌లైన్ వచ్చింది కదా, ఎందుకైనా మంచిదని మందు వేసేస్తే సరిపోతుంది.

వాస్తవం: మందు మొదలైతే టీఎస్‌హెచ్ దిగుతుంది, అది తనంతట తాను దిగేదో కాదో ఇక తెలుసుకోలేము. ఆ తర్వాత ఆ ప్రశ్న తేల్చడానికి సాధారణంగా మూడేళ్లు నిండేదాకా ఆగి, మందు ఆపి చూడవలసి వస్తుంది.

అపోహ: రెండో రిపోర్టు నార్మల్ అయితే ఇక ఎవరికీ పరీక్ష అవసరం లేదు.

వాస్తవం: నెలలు నిండిన ఆరోగ్యవంతమైన శిశువుకు ఇది దాదాపు నిజం. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవారికి నిజం కాదు. వారిలో పిట్యూటరీ ఇంకా పరిపక్వం కాకపోవడంతో టీఎస్‌హెచ్ ఆలస్యంగా పెరగవచ్చు. మొదటి శాంపిల్ నార్మల్‌గా వచ్చినా రెండు నుంచి నాలుగు వారాల వయసులో మరొకటి తీయమంటారు. రక్తం కలిసే అవకాశమున్న కవలల్లోనూ ఒకరి హార్మోను ఇంకొకరి లోపాన్ని కప్పిపుచ్చవచ్చు.

రెండో శాంపిల్‌కు వెళ్లేటప్పుడు మొదటి రిపోర్టు తీసుకువెళ్లండి. కార్డు మీద పుట్టిన తేదీతోపాటు సమయం, రక్తం తీసిన సమయం, ఎన్నో వారంలో పుట్టిందీ, పుట్టినప్పటి బరువూ రాశారో లేదో చూడండి. తల్లి థైరాయిడ్ మందులు వాడుతున్నా, ప్రసవంలో లేదా శిశువు బొడ్డుకు అయోడిన్ ద్రావణం ఎక్కువగా పూసినా చెప్పండి, ఎందుకంటే అయోడిన్ వల్ల, ఆ మందుల్లో కొన్నింటివల్ల టీఎస్‌హెచ్ కొన్నాళ్లపాటు పెరగగలదు. పరీక్షకు ముందు పాలు ఆపనవసరం లేదు. రెండు రిపోర్టులు వేర్వేరు ల్యాబులవైతే కొలమానం కూడా చూడాలి: కొన్ని ల్యాబులు సీరం లెక్కలోనూ, కొన్ని మొత్తం రక్తం లెక్కలోనూ అంకె ఇస్తాయి, రెండోది మొదటిదానిలో సుమారు సగమే ఉంటుంది. ఆ తేడా గమనించకుండా 24 నుంచి 12కి దిగిందని అనుకుంటే, అసలు ఏమాత్రం దిగకపోయి ఉండవచ్చు.