సునామీ అపోహలు - వాస్తవాలు: నడిసముద్రంలో రెండడుగుల అల ఒడ్డుకొచ్చేసరికి ఏమవుతుంది?

సముద్రపు అలల లెక్కలు చేయడం నా పని. తీరంలో ఊళ్లకు వెళ్లి సునామీ గురించి మాట్లాడిన ప్రతిసారీ అవే మాటలు వినిపిస్తాయి, చదువుకున్నవాళ్ల నుంచి కూడా. వాటిలో కొన్ని మాటలు నిజంగా ప్రాణం మీదికి తెచ్చేవి. అందుకే 2004 డిసెంబర్ 26 నాటి సునామీ ఒక్కదాన్నే తీసుకుని, అది పుట్టిన చోటు నుంచి మన ఒడ్డు దాకా వెంబడిస్తూ ఒక్కో అపోహా చూద్దాం.

అపోహ: సముద్రంలో పెద్ద భూకంపం వస్తే సునామీ వచ్చినట్టే

భూకంపం ఎంత పెద్దది అన్నది సగం సంగతే. సముద్రపు నేల పైకో కిందికో కదిలిందా లేదా అన్నది అసలు ప్రశ్న.

భూమి పైపొర పెద్ద పెద్ద రాతిపలకలుగా ఉంటుంది, వాటినే ఫలకాలంటారు. ఇండోనేషియాలోని సుమత్రా దీవికి పడమరన భారత ఫలకం తూర్పువైపు ఉన్న ఫలకం కిందికి నెమ్మదిగా దూరుతూ ఉంటుంది. రెండూ కలిసే చోట రాళ్లు గట్టిగా పట్టుకుపోయి ఉంటాయి కాబట్టి, కిందికి పోయే ఫలకం తనతోపాటు పైదాని అంచును కూడా లాక్కుపోతుంది. ఆ అంచు వందల ఏళ్లపాటు అలా వంగుతూనే ఉంటుంది. ఆ రోజు మన టైం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు ఆ పట్టు తెగింది. ఒక్కసారిగా మొత్తం తెగలేదు, సుమత్రా ఉత్తర భాగం దగ్గర మొదలై నికోబార్, అండమాన్ దాకా సుమారు 1300 కిలోమీటర్ల పొడవున చీలుకుంటూ పోవడానికి 8 నుంచి 10 నిమిషాలు పట్టింది. తీవ్రత 9.1. వంగి ఉన్న అంచు విడుదలై పైకి లేవడంతో సముద్రపు నేల కొన్ని చోట్ల మీటర్ల కొద్దీ లేచింది.

ఇప్పుడు దాని మీదున్న నీళ్ల సంగతి ఆలోచించండి. కిలోమీటర్ల లోతు నీళ్లు, వంద కిలోమీటర్ల వెడల్పు ప్రాంతం. నీళ్లు కుదించుకుపోవు, అంత తక్కువ టైంలో పక్కకు జారిపోవడానికీ కుదరదు. కాబట్టి కింద నేల ఏ ఆకారంలో లేచిందో, దాదాపు అదే ఆకారంలో పైన సముద్రమట్టం కూడా లేస్తుంది. లేచిన ఆ నీళ్లను భూమ్యాకర్షణ కిందికి లాగుతుంది, అవి కుంగుతూ రెండు పక్కలకూ అలలుగా బయల్దేరతాయి. సునామీ పుట్టుక ఇంతే.

దీనికి ఎదురు ఉదాహరణ 2012 ఏప్రిల్ 11. అదే సుమత్రాకు పడమరన, ఈసారి 8.6 తీవ్రత. చెన్నై, విశాఖపట్నంలో కూడా జనం టెన్షన్‌తో బిల్డింగుల్లోంచి బయటికి పరుగెత్తారు. హెచ్చరికలు వెళ్లాయి, కొన్ని గంటల తర్వాత రద్దయ్యాయి. సుమత్రా తీరంలోనే అల సుమారు ఒక మీటరు దాటలేదు. ఎందుకంటే అక్కడ రాతిపలకలు పక్కపక్కకు జారాయి, నేల పైకి లేచింది చాలా తక్కువ. విడుదలైన శక్తి 2004తో పోలిస్తే ఐదారు రెట్లే తక్కువ, సునామీ మాత్రం అసలు పోలికే లేనంత చిన్నది. "ఉత్తుత్తి హెచ్చరిక ఇచ్చి భయపెట్టారు" అని అప్పుడు చాలామంది కోప్పడ్డారు గానీ, మొదటి నిమిషాల్లో తీవ్రత ఎంతో, ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది, నేల ఎటు కదిలిందో తేలడానికి ఇంకొంచెం టైం పడుతుంది. ఆ లోపు ఊరుకుంటే దగ్గరి తీరాలవాళ్లకు పరుగెత్తే టైం ఉండదు.

అపోహ: నడిసముద్రంలోనే కొండంత అల లేస్తుంది, ఓడలను ముంచేస్తుంది

ఆ రోజు భూకంపం వచ్చిన సుమారు రెండు గంటల తర్వాత జేసన్-1 అనే ఉపగ్రహం అనుకోకుండా ఆ అల మీదుగా వెళ్లింది. అది కొలిచిన ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. అంటే రెండడుగులు. అప్పటికే లక్షల మందిని చంపుతున్న అల నడిసముద్రంలో రెండడుగుల ఎత్తే ఉంది!

పైగా ఆ రెండడుగులూ ఒక్కసారిగా రావు. శిఖరం నుంచి శిఖరానికి వందల కిలోమీటర్ల పొడవున్న అల అది, పడవ పైకి లేచి దిగడానికి పదుల నిమిషాలు పడుతుంది. మామూలు గాలి అలల ఊపులో అది తెలిసే ప్రసక్తే లేదు. లోతు నీళ్లలో వేటలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియకుండానే కాళ్ల కింద నుంచి సునామీ వెళ్లిపోతుంది.

మరి దాని బలం ఎక్కడుంది? లోతులో. గాలి లేపిన అల పైపైన ఉన్న నీటినే కదిలిస్తుంది, వంద మీటర్ల కిందికి దిగితే దాదాపు ఏమీ ఉండదు. సునామీలో అడుగు నుంచి పైదాకా మూడు కిలోమీటర్ల నీళ్లూ కదులుతాయి. కదిలేది చాలా నెమ్మదిగానే. అల గంటకు 600 కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంటే, అక్కడి నీళ్లు మాత్రం సెకనుకు మూడు నాలుగు సెంటీమీటర్లే జరుగుతాయి. ఈ తేడాను గుర్తుంచుకోండి, ఒడ్డు దగ్గర కథంతా దీని మీదే నడుస్తుంది.

అపోహ: సునామీ విమానం వేగంతో ఊరి మీద పడుతుంది

విమానం వేగం నడిసముద్రంలో మాత్రమే. సునామీ వేగం నీటి లోతు మీద ఆధారపడుతుంది:

```
వేగం = √(9.8 × లోతు)
```

లోతు మీటర్లలో, వేగం సెకనుకు మీటర్లలో. బంగాళాఖాతంలో 3000 మీటర్ల లోతు అనుకుంటే గంటకు సుమారు 617 కిలోమీటర్లు వస్తుంది. లోతు 50 మీటర్లకు తగ్గిన చోట అది 80 కిలోమీటర్లు. 10 మీటర్ల దగ్గర 36. అంటే ఒడ్డుకు దగ్గరయ్యే కొద్దీ అల వేగం తగ్గిపోతుంది, ఆ తగ్గడమే దాన్ని ప్రమాదకరంగా మారుస్తుంది.

హైవే మీద టోల్ గేట్ దగ్గర చూసే ఉంటారు: ముందు బళ్లు నెమ్మదిస్తాయి, వెనక బళ్లు ఇంకా వేగంగానే వస్తుంటాయి, మధ్యలో ఖాళీ తగ్గిపోతుంది. అల ముందు భాగం లోతు తక్కువ నీళ్లలోకి వచ్చి నెమ్మదిస్తే, వెనక భాగం ఇంకా లోతు నీళ్లలో వేగంగానే ఉండి దాని మీదికి వచ్చేస్తుంది. అరగంటకో శిఖరం వచ్చే అల అనుకుంటే 3000 మీటర్ల లోతులో దాని పొడవు 300 కిలోమీటర్ల పైచిలుకు, 10 మీటర్ల లోతులో 18. పొడవు 17 రెట్లు కుదించుకుపోయింది, శక్తి మాత్రం దాదాపు అంతే ఉంది. ఆ శక్తి పోవడానికి దారి ఎత్తు ఒక్కటే.

అలాగని ఎత్తు 17 రెట్లు పెరగదు. అలలో శక్తి ఎత్తు వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి, పొడవు 17 రెట్లు తగ్గితే ఎత్తు 17కి వర్గమూలం, అంటే నాలుగు రెట్లకు కాస్త ఎక్కువ పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల అల రెండున్నర మీటర్లవుతుంది. నాకైతే అంతకంటే భయపెట్టే లెక్క ఇంకొకటుంది: సెకనుకు మూడున్నర సెంటీమీటర్లు జరిగిన నీళ్లు ఇప్పుడు సెకనుకు రెండున్నర మీటర్లు జరుగుతాయి. ఎత్తు నాలుగు రెట్లే పెరిగింది, ప్రవాహం డెబ్బై రెట్లు పెరిగింది. మూడు కిలోమీటర్ల లోతున పరుచుకుని ఉన్న కదలికంతా పది మీటర్ల నీళ్లలోకి ఇరుక్కుంది మరి.

ఈ లెక్క ఒడ్డు దగ్గరి దాకానే నమ్మదగ్గది. ఆ తర్వాత అల విరగడం, నేల రాపిడి, తీరం ఆకారం అన్నీ కలుస్తాయి. సన్నబడే అఖాతంలోకి దూరిన నీళ్లు పక్కకు పోలేక ఇంకా పైకి లేస్తాయి. ఒకే జిల్లాలో ఒక ఊరు కొట్టుకుపోయి, పక్క ఊరు మోకాలి లోతు నీళ్లతో బయటపడటం ఇందుకే. భూకంపానికి ఆనుకునే ఉన్న సుమత్రాలోని లోక్‌ ఙా ప్రాంతంలో నీళ్లు 30 మీటర్లకు పైగా ఎత్తుకు ఎక్కాయి.

అపోహ: రెండు మూడు మీటర్ల అలేగా, తుపానులో అంతకంటే పెద్దవి చూశాం

ఇది మత్స్యకారుల నోట ఎక్కువగా వింటాను, వాళ్లు పెద్ద అలలు చూసినమాట నిజమే. కానీ తుపాను అల పది సెకన్లకోటి వస్తుంది. ఒడ్డెక్కుతుంది, విరుగుతుంది, వెనక్కి పోతుంది. సునామీ వెంటనే వెనక్కి పోదు, పది పదిహేను నిమిషాలపాటు లోపలికి వస్తూనే ఉంటుంది. రెండు మీటర్ల లోతున, సెకనుకు మూడు మీటర్ల వేగంతో పది నిమిషాలు ప్రవహిస్తే, ఒడ్డు పొడవునా ప్రతి ఒక్క మీటరు మీదుగా 3600 టన్నుల నీళ్లు ఊళ్లోకి వచ్చినట్టు లెక్క. ఈతగాడైనా అందులో చేయగలిగింది తక్కువే, ఎందుకంటే ఆ నీళ్లలో పడవలు, దుంగలు, రేకులు, గోడ పెచ్చులు కలిసి వస్తాయి, చాలామందికి దెబ్బలు తగిలేది వాటివల్లే. తర్వాత ఆ నీళ్లన్నీ వెనక్కి పోతూ మనుషులను సముద్రంలోకి లాక్కుపోతాయి.

అపోహ: సముద్రం వెనక్కి పోతేనే సునామీ

అన్నింటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. సముద్రం అకస్మాత్తుగా వెనక్కి పోతే పరుగెత్తాలి, అందులో సందేహం లేదు. పోకపోతే మాత్రం ప్రమాదం లేదనుకోవద్దు.

2004లో నేల లేచిన భాగం పడమర వైపు, కుంగిన భాగం తూర్పు వైపు ఉన్నాయి. అందుకే తూర్పున ఉన్న థాయిలాండ్‌కు అల పల్లం ముందు చేరింది, సముద్రం వెనక్కి పోయింది, జనం వింతగా చూడటానికి దిగారు. పడమరన ఉన్న మనకూ శ్రీలంకకూ శిఖరమే ముందు వచ్చింది. భూకంపం తర్వాత రెండున్నర గంటలకు, ఉదయం తొమ్మిది దాటాక, చెన్నైలోనూ విశాఖలోనూ నీటిమట్టం కొలిచే పరికరాలు అలను పట్టాయి. మచిలీపట్నం దగ్గర మంగినపూడి బీచ్‌లో పౌర్ణమి స్నానాలకు వచ్చినవాళ్లు కూడా కొట్టుకుపోయారు. సముద్రం వెనక్కి పోవాలని ఎదురుచూసి ఉంటే వాళ్లకు ఏ సూచనా దొరికేది కాదు.

అప్పట్లో మనకు హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007 అక్టోబర్ నుంచి హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. సముద్రం అడుగున పెట్టిన ప్రెషర్ రికార్డర్లు దానికి కళ్లు. పైన ఎంత గాలి అలలున్నా ఆ లోతుకు అవి చేరవు, సునామీ ఒత్తిడి మాత్రం అడుగు దాకా దిగుతుంది కాబట్టి, కిలోమీటర్ల లోతున ఉండి కూడా పైన సెంటీమీటర్లలో వచ్చే తేడాను అవి పడతాయి.

అపోహ: మొదటి అల పోయింది, ఇక ఇంటికెళ్లొచ్చు

సునామీ అంటే ఒక్క అల కాదు, వరస. రెండోదో మూడోదో మొదటిదానికంటే పెద్దది కావచ్చు. దూరపు తీరాలను తాకి వెనక్కి వచ్చేవి, తీరం వెంబడి జారుతూ వచ్చేవి కూడా కలుస్తాయి. 2004లో శ్రీలంక అడ్డుగా ఉన్నా అల దాని చుట్టూ వంగి కేరళలోని కొల్లం జిల్లా ఆలప్పాడ్ తీరాన్ని కొట్టింది. నీళ్లు తీశాక వలలో, కాగితాలో తెచ్చుకుందామని వెళ్లినవాళ్లు రెండో అలకు చిక్కుతారు. రెండు శిఖరాల మధ్య అరగంట నుంచి గంట కూడా ఉండొచ్చు, ఆ మధ్యలో సముద్రం పూర్తిగా నిమ్మళించినట్టే కనిపిస్తుంది. హెచ్చరిక రద్దయిందని అధికారులు చెప్పేదాకా మెరక మీదే ఉండండి, ఎన్ని గంటలైనా సరే.