ముందు స్టెంటా, ముందు స్కానా: పిత్తనాళ క్యాన్సర్ గొడవ ఎక్కడ మొదలైంది

నొప్పి లేని కామెర్లతో వచ్చిన మనిషికి ముందు స్టెంట్ వెయ్యాలా, ఎమ్మారై తియ్యాలా అని సర్జన్లకీ ఎండోస్కోపీవాళ్ళకీ మధ్య మళ్ళీ వాదన లేచింది. కాలేయం నుంచి పేగుకి పిత్తం మోసే పిత్తనాళంలో క్యాన్సర్ గడ్డ అడ్డుపడితే పిత్తం దిగక రక్తంలోకి ఎక్కుతుంది, అవే ఈ కామెర్లు; స్టెంట్ అంటే ఆ అడ్డులోంచి దారి తెరిచి ఉంచే గొట్టం. నా లెక్కలో అసలు మలుపు 1979-80, హాంబర్గ్‌లో సోహేంద్ర అనే డాక్టరు నోట్లోంచి ఎండోస్కోప్ పంపి, మూసుకుపోయిన పిత్తనాళంలో సన్నటి ప్లాస్టిక్ గొట్టం పెట్టగలిగాడు. అంతకుముందు అయితే పొట్ట కొయ్యాలి, లేదంటే పక్కటెముకల మధ్యనుంచి కాలేయంలోకి సూది గుచ్చాలి. అంత తేలికైపోయేసరికి ముందు గొట్టం, తర్వాత ఆలోచన అన్న అలవాటు పడిపోయింది.

ఇది ఎక్కడ దెబ్బకొడుతుందో చూడండి. అరవై ఏళ్ళ మనిషి, కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు రంగు, మలం తెల్లగా, ఒళ్ళంతా దురద, నొప్పి మాత్రం లేదు కాబట్టి ఇంట్లోవాళ్ళు పసరు మందు పోయించి కొన్ని వారాలు పోగొట్టారు. అల్ట్రాసౌండ్‌లో కాలేయం లోపలి నాళాలు ఉబ్బున్నాయి, గాల్‌బ్లాడర్ మాత్రం ముడుచుకుపోయింది, అంటే అడ్డు పైన, కుడి ఎడమ నాళాలు కలిసేచోట ఉందన్నమాట (కింద ఉంటే గాల్‌బ్లాడర్ కూడా ఉబ్బేది). ఇక్కడే, గొట్టం వెయ్యకముందే, ఎంఆర్‌సీపీ అనే పిత్తనాళాల ఎమ్మారై, కాంట్రాస్ట్ సీటీ తీయించాలి.

సర్జన్లు చెప్పేదేంటంటే గొట్టం పడ్డాక నాళం గోడ వాచి మందంగా కనిపిస్తుంది, అది గడ్డా, వాపా తేల్చలేం, గడ్డ ఎంతవరకు పాకిందో తెలీకపోతే కాలేయంలో ఏ సగం తియ్యాలో ఎలా చెప్తారు? పైగా స్కాన్ ఇచ్చే మ్యాప్ లేకుండా గొట్టం వేసేటప్పుడు నాళంలోకి ఇంజెక్ట్ చేసిన రంగు మందు డ్రైన్ కాని కొమ్మల్లోకి వెళ్ళి నిలిచిపోతే చీము పడుతుంది, చలిజ్వరం వస్తుంది. కవర్ లేని మెటల్ స్టెంట్ వేసేశారా, ఇక దాన్ని తియ్యడం దాదాపు అసాధ్యం, కాబట్టి ఆపరేషన్ కుదరదని తేలాకే అది వెయ్యాలి. నాకు ఇదే సబబుగా అనిపిస్తుంది.

ఎండోస్కోపీవాళ్ళకీ పాయింట్ ఉంది. ఇన్ఫెక్షన్ మొదలైతే స్కాన్ కోసం రోజులు ఆగలేం, పెద్ద ఆపరేషన్‌కి ముందు మిగలబోయే కాలేయంలో నిలిచిన పిత్తాన్ని డ్రైన్ చెయ్యాలి కూడా. 2018లో వచ్చిన డచ్ ట్రయల్‌లో ఆపరేషన్‌కి ముందు సూదితో డ్రైన్ చేసిన 27 మందిలో 11 మంది, ఎండోస్కోపీతో చేసిన 27 మందిలో 3 మంది చనిపోయారు, ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. కానీ అది ఏ దారిలో వెయ్యాలనే ప్రశ్నకి జవాబు, స్కాన్‌కి ముందా తర్వాతా అన్నదానికి కాదు.

ఈ పట్టుదల ఎందుకంటే తర్వాత చేతిలో ఉండేది తక్కువ. వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి ఆపరేషన్ కుదరదు. 2010 ట్రయల్‌లో జెమ్‌సిటాబిన్ అనే కీమో మందుకి సిస్‌ప్లాటిన్ అనే ఇంకోటి కలిపితే మధ్యస్థ ఆయుష్షు 8.1 నెలల నుంచి 11.7కి పెరిగింది, తర్వాత వచ్చిన ఇమ్యునోథెరపీ దానికి ఇంకో నెల పైచిలుకు కలిపింది, అంతే. ప్లాస్టిక్ గొట్టం అయితే సుమారు మూడు నెలల్లో పూడిపోతుంది, మూత్రం మళ్ళీ ముదురు రంగులోకి మారినా, చలితో జ్వరం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.