డిసెంబర్ పదో నెల కాకుండా ఎలా పోయింది?

సెప్టెంబర్‌లో ఏడు, అక్టోబర్‌లో ఎనిమిది, నవంబర్‌లో తొమ్మిది, డిసెంబర్‌లో పది దాగున్నాయని మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. సప్త, అష్ట, నవ, దశ చెవిన పడుతూనే ఉంటాయి. లాటిన్, సంస్కృతం ఒకే భాషాకుటుంబానివి కాబట్టి ఆ పోలిక. అంతమాత్రాన "సప్తాంబరమే సెప్టెంబర్ అయింది" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లను నమ్మకండి. ఆ పేర్లు రోమన్లు పెట్టుకున్నవి.

మరి ఏడోది తొమ్మిదో చోట ఎందుకుంది? జూలియస్ సీజర్, అగస్టస్ తమ పేర్లతో రెండు నెలలు మధ్యలో దూర్చారని క్లాసులో కూడా చెప్పేస్తుంటారు. లెక్క చక్కగా కుదురుతుంది గానీ అది నిజం కాదు. ఆ నెలలు అంతకుముందే ఉన్నాయి. జూలైని క్వింటిలిస్ అనేవారు, అంటే ఐదోది. ఆగస్టు సెక్స్టిలిస్, ఆరోది. క్రీ.పూ. 44లో మొదటిదానికి, క్రీ.పూ. 8లో రెండోదానికి పేరు మార్చారు, అంతే. ఇటలీలోని అంజియోలో, గోడ పూత మీద రంగులతో రాసిన ఒక క్యాలెండర్ ముక్కలు దొరికాయి. సీజర్ క్యాలెండర్‌ని సంస్కరించక ముందుది. అందులో జనవరి మొదట ఉంది, క్వింటిలిస్ అప్పటికే ఏడో చోట ఉంది. అంటే సీజర్ పేరు రాకముందే వరుస జరిగిపోయింది.

అసలు కారణం సంవత్సరం మొదలే మారడం. పాత రోమన్ల ఏడాది, మన ఉగాదిలాగే, వసంతంలో మార్చితో మొదలయ్యేది. చివరి నెల ఫిబ్రవరి. లీపు రోజుని ఇప్పటికీ ఫిబ్రవరిలోనే కలపడం ఆ పాత అలవాటు ఆనవాలే.

రోమన్లు సంవత్సరాన్ని అంకెతో కాదు, ఆ ఏడాది పదవిలో ఉన్న ఇద్దరు కాన్సుల్స్, అంటే ఏటా ఎన్నికయ్యే అత్యున్నత పాలకుల పేర్లతో గుర్తించేవారు. కాబట్టి వాళ్లు పదవిలోకి వచ్చే రోజు మారితే ఏడాది మొదలు కూడా దాంతోపాటే మారుతుంది. ఒక దశలో ఆ రోజు మార్చి 15. క్రీ.పూ. 154లో స్పెయిన్‌లో సెగెడా అనే పట్టణం, రోమ్ వద్దన్నా వినకుండా ప్రహరీ పెంచడం మొదలుపెట్టింది. సైన్యాన్ని నడిపించాల్సింది కాన్సులే. మార్చి 15న పదవిలోకి వచ్చి, సైన్యాన్ని పోగుచేసి, స్పెయిన్ చేరేసరికి యుద్ధానికి పనికొచ్చే నెలలు చాలావరకు అయిపోతాయి. అందుకని క్రీ.పూ. 153 నుంచి కాన్సుల్స్ జనవరి 1నే బాధ్యతలు తీసుకోవడం మొదలైంది. ఇంత హడావుడి చేసినా కాన్సుల్ నోబిలియర్ ఆగస్టు 23న మాటుదాడిలో చిక్కుకుని, సుమారు 6,000 మంది రోమన్ పౌరులను పోగొట్టుకున్నాడు.

వరుస తప్పిన పేర్లను మార్చాలని చూసినవాళ్లూ లేకపోలేదు. డొమిషియన్ చక్రవర్తి సెప్టెంబర్‌కి జెర్మానికస్ అనీ, అక్టోబర్‌కి తన పేరే డొమిషియానస్ అనీ పెట్టాడు. వరుస సరిచేద్దామని కాదు లెండి, గొప్ప కోసం. క్రీ.శ. 96లో అతణ్ణి చంపేశాక రోమన్లు ఆ రెండు పేర్లూ తీసేసి, మళ్లీ పాత అంకెల పేర్లకే వచ్చారు.